నెఫ్రాన్‌ని పుస్తకం మూసి గీయాలి

బైపీసీ పిల్లల రికార్డుల్లో నెఫ్రాన్ బొమ్మ చూస్తే ముచ్చటేస్తుంది. ధమనిక ఎరుపు, సిరిక నీలం, మెలికల నాళిక పసుపు, స్కేలు పెట్టి గీసిన గీతల చివర వరసగా పేర్లు. అదే పిల్లవాడి చేతికి తెల్లకాగితం ఇచ్చి, పుస్తకం మూయించి, "దూరస్థ సంవళిత నాళిక వల్కలంలో ఉంటుందా, దవ్వలో ఉంటుందా?" అని అడగండి. పెన్సిలు ఆగిపోతుంది. నాళిక కిందికి దిగి మళ్లీ పైకొచ్చిందని గుర్తుంటుంది గానీ, ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుండదు. కన్ను చూసింది, చెయ్యి దించింది, మధ్యలో బుర్రకి పనే పడలేదు.

దీన్ని ప్రయోగం చేసి చూపించినవాళ్లు ఉన్నారు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ కార్పికీ, జానెల్ బ్లంట్ 2011లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు విద్యార్థులు సైన్సు పాఠాన్ని ముందు పెట్టుకుని, చూస్తూ భావచిత్రాలు గీశారు. మరికొందరు పాఠం చదివి, పక్కన పెట్టేసి, గుర్తున్నంత రాశారు. మళ్లీ చదివి మళ్లీ రాశారు. వారం తర్వాత పరీక్ష పెడితే రెండోవాళ్లదే పైచేయి. ఆ పరీక్షలో భావచిత్రం గీయమన్నా కూడా, చూస్తూ గీసినవాళ్లకన్నా చూడకుండా రాసినవాళ్లే బాగా చేశారు. కాబట్టి పునశ్చరణలో బొమ్మ అంటే పుస్తకం మూసి గీసిన బొమ్మే. చూసి దించింది రికార్డు మార్కులకి పనికొస్తుంది.

ఈ అధ్యాయంలో రెండే బొమ్మలు తీసుకుంటాను, ఒకటి నెఫ్రాన్, రెండోది కొబ్బరికాయ. కవిటిలో ఉండి చదివేవాళ్లకి ఈ రెండూ ఇంటి సంగతులే. పెరట్లో కొబ్బరి ఉంటుంది, డయాలసిస్‌కి వెళ్లొచ్చే మనిషి ఎవరో ఒకరు వీధిలో ఉంటారు. ఈ రెండిట్లో చెయ్యి కుదిరితే గుండె, మెదడు, పిండకోశం, అండం బొమ్మలకి అదే పద్ధతి మీరే వాడుకోగలరు. నీట్‌లో 180 ప్రశ్నలకి 90, మన ఈఏపీసెట్‌లో 160కి 80 జీవశాస్త్రానివే కదా.

అడ్డగీతతో మొదలు

ముందు గీయాల్సింది నాళికని కాదు. కాగితం మీద మూడోవంతు దిగువన ఒక అడ్డగీత గీయండి. గీతకి పైన వల్కలం, కింద దవ్వ. రికార్డు బొమ్మల్లో ఎక్కువసార్లు లేనిది ఈ గీతే. అది లేకపోతే నెఫ్రాన్ గాలిలో తేలుతుంది, ఏ భాగం ఎక్కడుందో చెప్పే ఆధారం ఉండదు.

ఇప్పుడు గీతకి పైన ఎడమవైపు ఒక గిన్నె గీయండి. అది బొమన్ గుళిక. అందులో రక్తకేశనాళికల ముద్ద, అదే గ్లోమరులస్. ముద్దలోకి వచ్చే అభివాహి ధమనికని లావుగా, బయటికి పోయే అపవాహి ధమనికని సన్నగా గీయండి. ఇది అందం కోసం కాదు. వచ్చే దారి వెడల్పుగా, పోయే దారి ఇరుకుగా ఉండబట్టే లోపల పీడనం నిలబడి రక్తం వడపోతకి గురవుతుంది. రెండు గీతలూ ఒకే లావున పడితే, కారణం గుర్తు లేకుండానే గీశారన్నమాట.

గిన్నె అడుగు నుంచి సమీపస్థ సంవళిత నాళిక బయల్దేరుతుంది. దాని మెలికలన్నీ అడ్డగీతకి పైనే తిరగాలి. తర్వాత నాళిక గీత దాటి నేరుగా దవ్వలోకి దిగుతుంది, అడుగున వంపు తిరిగి మళ్లీ పైకి ఎక్కుతుంది. ఇది హెన్లీ శిక్యం. దిగేది అవరోహ శాఖ, ఎక్కేది ఆరోహ శాఖ. ఎక్కిన నాళిక ఎక్కడికో పోదు. తను బయల్దేరిన గుళిక దగ్గరికే తిరిగొచ్చి, అభివాహి ధమనిక పక్కన ఒరుసుకుని, అక్కడ దూరస్థ సంవళిత నాళికగా మెలికలు తిరుగుతుంది. ఒరుసుకున్న చోట ఒక చిన్న చుక్క పెట్టండి. అది జక్‌స్టా గ్లోమరులార్ పరికరం. చివరికి నాళిక సంగ్రహణ నాళంలో కలుస్తుంది, ఆ నాళం మళ్లీ గీత దాటి దవ్వ గుండా కిందికి పోతుంది.

మొదటి బొమ్మకి పది నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. రెండో వారానికి మూడు నిమిషాల్లో రావాలి. వంకరగా వచ్చినా సరే, నాలుగు సంగతులు మాత్రం చూసుకోండి. గుళికా మెలికలూ గీతకి పైన ఉన్నాయా, శిక్యం గీతకి కింద ఉందా, లావు సన్నం తేడా పడిందా, నాళిక తన గుళిక దగ్గరికి తిరిగొచ్చిందా. చాలామంది నాలుగోది మరిచిపోయి దూరస్థ నాళికని కాగితం కుడి అంచుకి తోసేస్తారు. అలా తోసినవాళ్లకి రెనిన్ ఎందుకు, ఎక్కడ విడుదలవుతుందో ఎంత చదివినా పట్టుబడదు. వడపోత తగ్గిందన్న కబురు అందేదీ రెనిన్ బయటికొచ్చేదీ ఆ చుక్క దగ్గరే మరి.

ఒక మాట, మనం గీసింది పొడుగు శిక్యం ఉన్న రకాన్ని. మూత్రపిండంలో ఎక్కువ భాగం పొట్టి శిక్యం ఉన్న వల్కల నెఫ్రాన్లు. వాటి శిక్యం దవ్వలోకి కొద్దిగానే దిగుతుంది. శిక్యం పక్కనే నడిచే వాసా రెక్టా రక్తనాళం వాటిలో ఉండదు, లేదా బాగా కుదించుకుపోయి ఉంటుంది. బొమ్మ పక్కన ఈ వాక్యం రాసి పెట్టుకోండి. జతపరచండి ప్రశ్నల్లో ఇది వస్తుంటుంది.

ఒక్క వాక్యం ఎక్కడ కూర్చోవాలి

ఏకవాక్యాల పుస్తకాలు బజార్లో కొల్లలు. "సమీపస్థ సంవళిత నాళికలో పునఃశోషణ జరుగుతుంది" లాంటి వాక్యాలు వాటిలో వందల్లో దొరుకుతాయి. ఈ వాక్యం తప్పు కాదు గానీ ఎందుకూ కొరగాదు. పునఃశోషణ దూరస్థ నాళికలోనూ ఉంది, సంగ్రహణ నాళంలోనూ ఉంది. పరీక్షలో నాలుగు ఆప్షన్లలో మూడిటికి సరిపోయే వాక్యం మీకేం సాయం చేస్తుంది?

నేను పిల్లలకి పెట్టే నియమం ఇది. ఒక పేరు పక్కన రాసిన వాక్యం, ఆ బొమ్మలో ఇంకే పేరు పక్కనా కూర్చోకూడదు. అలా అయితే సమీపస్థ నాళిక పక్కన రాయాల్సింది: "కుంచె అంచున్న ఘనాకార ఉపకళ, విద్యుద్విశ్లేష్యాలు, నీరు 70 నుంచి 80 శాతం ఇక్కడే వెనక్కి." దూరస్థ నాళిక పక్కన: "సోడియం, నీరు అవసరాన్ని బట్టి వెనక్కి." గుళిక లోపొర పక్కన: "పోడోసైట్లు, వాటి మధ్య గాలన రంధ్రాలు." వాక్యాన్ని చేత్తో మూసి పేరు చూసి వాక్యం చెప్పండి. తర్వాత పేరు మూసి వాక్యం చూసి పేరు చెప్పండి. రెండోవైపు తడబడితే వాక్యం ఇంకా వదులుగా ఉందని అర్థం, బిగించి మళ్లీ రాయండి.

అంకెలతో వేరే చిక్కు. విసర్జన పాఠంలో అంకెలు చాలా ఉన్నాయి, విడివిడిగా బట్టీపడితే పరీక్ష రోజున ఒకదాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. వాటిని గొలుసుగా పట్టుకోవాలి. నిమిషానికి మూత్రపిండాల గుండా వెళ్లే రక్తం 1100 నుంచి 1200 మిల్లీలీటర్లు, అంటే గుండె నిమిషానికి పంపే దాంట్లో దాదాపు ఐదోవంతు. అందులోంచి వడకట్టి గుళికలోకి దిగేది నిమిషానికి 125 మిల్లీలీటర్లు. 125ని 60తో, తర్వాత 24తో గుణిస్తే 1,80,000 మిల్లీలీటర్లు, అంటే రోజుకి 180 లీటర్లు. బయటికొచ్చే మూత్రం లీటరున్నర. మిగతాదంతా వెనక్కి వెళ్లింది కాబట్టి పునఃశోషణ 99 శాతం. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సినవి 1100 నుంచి 1200, తర్వాత 125, లీటరున్నర. మిగిలినవి రఫ్ కాగితం మీద అర నిమిషంలో కట్టుకోవచ్చు. 125ని బొమ్మలో గుళిక దగ్గర, లీటరున్నరని సంగ్రహణ నాళం చివర రాయండి. అంకెకి కూడా ఒక చోటు ఉండాలి.

బాణాలతోనే తేలే చోటు

హెన్లీ శిక్యం దగ్గర మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. అవరోహ శాఖ నీటికి పారగమ్యం, విద్యుద్విశ్లేష్యాలకి దాదాపు అపారగమ్యం. ఆరోహ శాఖ నీటికి అపారగమ్యం, విద్యుద్విశ్లేష్యాలకి పారగమ్యం. ఈ రెండు వాక్యాల్నీ వంద సార్లు చదివినా, స్టేట్‌మెంట్ ప్రశ్నలో ఒక్క పదం తిప్పి ఇస్తే కన్ను దాటిపోతుంది. అందుకని ఇక్కడ వాక్యం మానేసి బాణం గీయండి. నీలం బాణం నీరు, ఎరుపు బాణం లవణం. దిగే శాఖ నుంచి బయటికి నీలం బాణాలు మాత్రమే, ఎక్కే శాఖ నుంచి బయటికి ఎరుపు బాణాలు మాత్రమే.

బాణాలు పడ్డాక కథ దానంతట అదే నడుస్తుంది. దిగుతుంటే నీరు పోతోంది కాబట్టి నాళికలో ద్రవం చిక్కబడుతుంది. ఎక్కుతుంటే ఉప్పు పోతోంది, నీరు పోవడంలేదు కాబట్టి పలచబడుతుంది. బయటికెళ్లిన ఉప్పు దవ్వలోనే పోగుపడుతుంది. అందుకే బొమ్మలో దవ్వ మొదట్లో 300, అడుగున 1200 అని రాసుకోవాలి, ప్రమాణం లీటరుకి మిల్లీ ఆస్మోల్. సంగ్రహణ నాళం ఆ చిక్కటి దవ్వ గుండానే దిగుతుంది గనక దాన్లోంచి నీరు బయటికి లాగబడుతుంది. మనిషి మూత్రం తొలి గాలిత ద్రవం కన్నా దాదాపు నాలుగు రెట్లు చిక్కగా ఎలా అవుతుందో 300 పక్కన 1200 చూస్తే తెలిసిపోతుంది. దవ్వ చిక్కదనానికి కారణం సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, యూరియా కూడా. సంగ్రహణ నాళం నుంచి దవ్వలోకి కొద్దిగా యూరియా పోతుంది. అక్కడ మూడో రంగులో ఒక్క బాణం చాలు.

హార్మోనుని కూడా బొమ్మ మీదే కూర్చోబెట్టాలి. మే నెల ఎండలో జీడితోటలో పిక్కలు ఏరే మనిషిని తీసుకోండి. చెమట పట్టింది, నీళ్లు తాగలేదు, రక్తం చిక్కబడింది. ద్రవాభిసరణ గ్రాహకాలు ఆ సంగతి హైపోథాలమస్‌కి చేరవేస్తాయి, న్యూరోహైపోఫైసిస్ నుంచి ఏడీహెచ్ విడుదలవుతుంది, నాళిక చివరి భాగాల నుంచి నీరు వెనక్కి వెళుతుంది, మూత్రం తగ్గుతుంది. బొమ్మలో సంగ్రహణ నాళం మీద "ఏడీహెచ్" అని రాసి నీలం బాణం లావు చేయండి. ఏడీహెచ్ తయారయ్యేది హైపోథాలమస్‌లో, విడుదలయ్యేది పీయూష గ్రంథి పరభాగం నుంచి. తయారీ, విడుదల అన్న రెండు మాటల్నీ కలిపేస్తే ఒక మార్కు పోయినట్టే.

ఉద్దానం బొమ్మని పరీక్షిస్తుంది

బొమ్మ నిజంగా వచ్చిందో లేదో తెలియాలంటే పుస్తకంలో లేని ప్రశ్న అడగాలి. కవిటి నుంచి వచ్చే ఒకమ్మాయి క్లాసయ్యాక అడిగింది: "సార్, కిడ్నీ జబ్బంటే మూత్రం తగ్గిపోవాలి కదండీ. మా తాతకి జబ్బు మొదట్లో రాత్రుళ్లు పదేపదే లేవాల్సొచ్చేది. అదెలాగండీ?"

"నువ్వు గీసిన బొమ్మ తియ్యమ్మా. జబ్బు ఎక్కడ పడితే అలా అవుతుందో దాన్లోనే చూద్దాం" అన్నాను.

ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో దశాబ్దాలుగా ఉన్న ఈ దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. మధుమేహం గానీ రక్తపోటు గానీ లేనివాళ్లకీ వస్తుంది. అయితే దెబ్బ ఎక్కడ పడుతుందన్నది చాలావరకు తెలుసు. ఈ తరహా జబ్బులో ముందుగా పాడయ్యేవి ఎక్కువగా నాళికలు, వాటి మధ్య ఉండే కణజాలం. గ్లోమరులస్ తర్వాతి వంతు.

ఇప్పుడు బొమ్మ చూడండి. గ్లోమరులస్ వడపోత పొర చిరిగితే ఏం దాటిపోతుంది? మామూలుగా ఆగిపోవాల్సిన ప్రొటీను. మూత్రంలో నురగ, ఒంట్లో నీరు చేరడం ఆ రకం జబ్బుల గుర్తులు. నాళికలు పాడైతే వడపోత కొంతకాలం సాగుతుంది గానీ, నీటిని వెనక్కి లాక్కుని మూత్రాన్ని చిక్కబరిచే శక్తి ముందుగా పోతుంది. పలచటి మూత్రం ఎక్కువగా వస్తుంది, రాత్రిపూట లేవాల్సొస్తుంది. ప్రొటీను పెద్దగా కనిపించదు. ఆ అమ్మాయి తాతగారి సంగతి బొమ్మలో సమీపస్థ నాళిక నుంచి సంగ్రహణ నాళం దాకా వేలు పెట్టి చెప్పగలిగింది. ఇందులోనే ఇంటికి పనికొచ్చే మాట ఒకటుంది. ఈ ప్రాంతంలో మూత్రంలో ప్రొటీను లేదని తేలితే కిడ్నీ బాగున్నట్టు కాదు, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అక్కడ డయాలసిస్ యంత్రం చేసే పనిని మీ నెఫ్రాన్ పక్కన రెండో బొమ్మగా గీయండి. ధమని నుంచి రక్తం, దాన్లో గడ్డకట్టకుండా హెపారిన్, తర్వాత సెల్లోఫేన్ గొట్టం, దాని చుట్టూ ద్రవం, చివర హెపారిన్‌కి విరుగుడు కలిపి సిరలోకి. చుట్టూ ఉన్న ద్రవం పక్కన రాయాల్సిన ఏకవాక్యం: "ప్లాస్మాలాగే ఉంటుంది, నత్రజని వ్యర్థాలు మాత్రం ఉండవు."

ఆ ఒక్క వాక్యంతో మూడు పదార్థాల సంగతి తేల్చండి. యూరియా రక్తంలో ఎక్కువ, ద్రవంలో లేదు, కాబట్టి బయటికి పోతుంది. గ్లూకోజ్ రెండు వైపులా సమానంగా ఉంది, కాబట్టి సెల్లోఫేన్ రంధ్రంలో పట్టేంత చిన్నదైనా నికరంగా పోదు. ఆల్బుమిన్ రక్తంలోనే ఉన్నా రంధ్రంలో పట్టదు, అందుకని అదీ పోదు. అసలు నెఫ్రాన్ గ్లూకోజ్‌ని ముందు వడకట్టేసి, తర్వాత సమీపస్థ నాళికలో వెనక్కి తెచ్చుకుంటుంది. యంత్రానికి ఆ రెండో మెట్టు లేదు, దాని పని ద్రవం కూర్పే చేసిపెడుతుంది. ఈ తేడా చెప్పగలిగితే డయాలసిస్ మీద ఏ ప్రశ్నకైనా భయం అక్కర్లేదు.

యంత్రం చేయలేనిదీ ఒకటుంది. ఎరిత్రోపోయిటిన్ హార్మోను అది ఇవ్వలేదు. రక్తం ఎక్కడానికని డయాలసిస్ రోగులకి ఇంజెక్షన్లు ఇచ్చేది అందుకే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఈ హార్మోనుని జక్‌స్టా గ్లోమరులార్ కణాలు ఇస్తాయంటుంది. నేటి వైద్యశాస్త్రం నాళికల చుట్టూ ఉండే కణజాల కణాల్ని చూపిస్తుంది. పరీక్షలో పుస్తకం మాటే జవాబు. తెలిసింది ఎక్కువైనందుకు మార్కు పోగొట్టుకోవడం నాకు ఇష్టంలేదు, మీకూ ఉండదు. అలాగే ఉద్దానం జబ్బుకి కారణాలంటూ పేపర్లో చదివినవాటిని ఏకవాక్యాల జాబితాలోకి రానివ్వకండి.

కొబ్బరికాయ నిలువుకోత

ఇక మొక్కల వైపు. దీనికి కాగితం కన్నా ముందు కాయ కావాలి. డొక్క తీయని ముదురు కాయని నిలువుగా రెండుగా కోయమని తోటలో ఎవరినైనా అడగండి. ఒక్క నిమిషం చూసి, పక్కన పెట్టి, గీయండి.

పైన నున్నటి పలచటి తోలు బాహ్య ఫలకవచం. పీచున్న డొక్క మధ్య ఫలకవచం. గట్టి చిప్ప అంతర ఫలకవచం. మూడూ కలిస్తే ఫలకవచం, కాయ రకం టెంకగల ఫలం. మామిడీ ఇదే రకం, కానీ మామిడిలో మధ్య ఫలకవచం కండ, మనం తినేది దాన్నే. కొబ్బరిలో అది పీచు. చిప్ప లోపల కొబ్బరికి అంటుకున్న గోధుమరంగు పొర విత్తనానిది. తెల్లటి కొబ్బరి, లోపలి నీళ్లు రెండూ అంకురచ్ఛదమే. నీళ్లు స్వేచ్ఛా కేంద్రక అంకురచ్ఛదం, అంటే కేంద్రకాలు వేలల్లో విభజన చెందాయి గానీ వాటి మధ్య గోడలు ఏర్పడలేదు. కొబ్బరి కణయుత అంకురచ్ఛదం, గోడలు కట్టుకున్న భాగం. లేత బొండంలో గోడకి పలచగా అంటుకున్న మీగడని చెంచాతో గీరి తిన్నవాళ్లకి గోడలు కట్టడం అంచు నుంచి మొదలవుతుందని వేరే చెప్పక్కర్లేదు.

పిండం ఎక్కడుంది? మూడు కళ్లలో మెత్తటి కన్ను కింద, కొబ్బరిలో ఇరుక్కుని, చిన్నగా ఉంటుంది. బొమ్మలో దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. వదిలేస్తే తర్వాతి ప్రశ్న తప్పుతుంది. తెల్లటి కొబ్బరి బీజదళం అనుకుంటారు చాలామంది. కాదు. కొబ్బరికి ఒకే బీజదళం, మొలకెత్తేటప్పుడు అది లోపలికి పెరిగి స్పంజిలా నీళ్ల చోటంతా ఆక్రమిస్తుంది. మనం ఇష్టంగా తినే కొబ్బరిపువ్వు అదే.

ఇప్పుడు పేర్ల పక్కన క్రోమోజోముల స్థితి రాయండి. ఏకవాక్యాలు ఇక్కడ అంకెలంత పొట్టిగా ఉంటాయి. డొక్క, చిప్ప తల్లిచెట్టు అండాశయం గోడ నుంచి వచ్చాయి: 2n. పిండం సంయుక్త బీజం నుంచి: 2n, కానీ ఇది కొత్త తరం. కొబ్బరి, నీళ్లు రెండు ధ్రువకేంద్రకాలు, ఒక పురుష సంయోగబీజం కలిసి: 3n. కొబ్బరికి 2n అంటే 32. కాబట్టి కొబ్బరి ముక్కలో 48, పీచులో 32. "పుప్పొడిలో ఎన్ని?" అని ఎవరైనా అడిగితే 16 అని బొమ్మ చూడకుండానే వస్తుంది. ఏ మొక్కకి ఏ అంకె ఇచ్చినా ఇదే లెక్క నడుస్తుంది. అంకె మారినా భాగాల మధ్య నిష్పత్తి మారదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు కూలిన కొబ్బరిచెట్ల మొద్దులు చూసినవాళ్లకి ఇంకో బొమ్మ ఊరికే వస్తుంది. కోసిన మొద్దులో వలయాలు ఉండవు. ముదురు చుక్కలు చెదిరి ఉంటాయి. అవి నాళికాపుంజాలు, వాటిలో విభాజ్యకణావళి లేదు, కాబట్టి ద్వితీయ వృద్ధి లేదు. ఏకదళబీజ కాండం అడ్డుకోతకి ఇంతకన్నా పెద్ద నమూనా ఏ ప్రయోగశాలలోనూ దొరకదు.

జీడి దగ్గర కాస్త జాగ్రత్త. పలాస జీడిబట్టీల్లో పప్పుని గుండు అనీ బద్ద అనీ వేరుచేస్తారు. ఒక బద్ద ఒక బీజదళం. అంటే జీడిలో మనం తినేది బీజదళాలు, కొబ్బరిలో తినేది అంకురచ్ఛదం. ఈ రెండూ ఒకే కార్డు మీద పక్కపక్కన గీయండి. జీడిలో అసలు ఫలం పిక్క. పైనున్న రసం పండు అనృత ఫలం. అది దేని నుంచి వచ్చింది? వృక్షశాస్త్రం ప్రకారం ఉబ్బిన పుష్పవృంతం నుంచి. ఎన్‌సీఈఆర్‌టీ మాత్రం ఆపిల్, స్ట్రాబెర్రీలతో కలిపి జీడిని పుష్పాసనం ఏర్పరిచే అనృత ఫలాల వరసలో చెబుతుంది. నీట్ రాసేవాళ్లు ఎన్‌సీఈఆర్‌టీ వాక్యాన్నే పట్టుకోవాలి. ఆప్షన్లలో పుష్పవృంతం, పుష్పాసనం రెండూ ఉంటే ప్రశ్న ఏ పాఠంలోని వాక్యాన్ని తిప్పి అడిగిందో చూసి గుర్తించండి. కార్డు మీద రెండూ రాసి, ఏది ఏ పుస్తకానిదో పక్కన వేయడం తప్పనిసరి.

ఎర్ర పెన్ను, రఫ్ కాగితం

గీశాక పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. తప్పుని రబ్బరుతో తుడిచేయకండి. దిద్దిన బొమ్మ మీద తేదీ వేసి దాచండి. మర్నాడు ఒకసారి, నాలుగైదు రోజులకి ఒకసారి, రెండు వారాలకి ఒకసారి కొత్త కాగితం మీద గీయండి. మూడు బొమ్మల్ని పక్కపక్కన పెడితే ఎర్ర గుర్తు ఒకే చోట మళ్లీమళ్లీ పడడం కనిపిస్తుంది. చాలామందికి అది ఆరోహ శాఖ బాణం దగ్గరో, చుక్క పెట్టాల్సిన చోటో ఉంటుంది. నాలుగోసారి మొత్తం బొమ్మ అక్కర్లేదు, ఆ మూలని మాత్రం గీస్తే చాలు.

తెలుగు మీడియం పిల్లలు పేర్లని రెండు రకాలుగానూ రాసుకోవాలి. అభివాహి ధమనిక అంటే అఫరెంట్, అపవాహి అంటే ఎఫరెంట్. నీట్ తెలుగు ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. పేరు ఒక భాషలోనే తెలిస్తే ఆ తేడాని పట్టుకోలేరు.

పరీక్ష గదిలో నీట్ పుస్తకంలో రఫ్ వర్క్‌కి చోటుంటుంది, ఈఏపీసెట్‌లో కంప్యూటర్ ముందు రఫ్ కాగితాలు ఇస్తారు. విసర్జన మీద స్టేట్‌మెంట్ ప్రశ్న వచ్చి సందేహం పడితే, బొటనవేలంత నెఫ్రాన్ గీయండి. అడ్డగీత, శిక్యం, రెండు రంగుల బదులు "నీ", "ల" అని రెండు బాణాలు. ఇరవై సెకన్లు పడుతుంది. పేర్లు రాయకండి. ఇరవై సెకన్లలో బాణం ఎటు వేయాలో తోచకపోతే ప్రశ్నకి గుర్తు పెట్టి ముందుకి వెళ్లండి, చివర్లో సమయం మిగిలితే చూడొచ్చు. ఈఏపీసెట్‌లో రుణాత్మక మార్కులు లేవు గనక ఖాళీ వదలకండి. నీట్‌లో తప్పుకి ఒక మార్కు పోతుంది, అక్కడ కనీసం రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితేనే పెన్ను పెట్టండి.